7/11 రాత్రి 8:30 ఐఎస్‌టీ అని పెడితే సరిపోదా?

మా ఆన్‌లైన్ మీటింగ్‌కి “శనివారం 7/11 రాత్రి 8:30 ఐఎస్‌టీ” అని రాశా, అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లు కన్ఫ్యూజ్ అవుతున్నారు, ఎలా మార్చాలి?

7/11 అంటే అమెరికాలో జులై 11 అనుకుంటారండి, ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ టైమ్ కూడా, అందుకే నెల పేరు, సంవత్సరం, ఊరు, యూటీసీ అన్నీ రాసేయండి:

“శనివారం, 2026 నవంబర్ 7, హైదరాబాద్ టైమ్ రాత్రి 8:30 (15:00 యూటీసీ). డాలస్: శనివారం ఉదయం 9:00. లండన్: శనివారం మధ్యాహ్నం 3:00. సిడ్నీ: ఆదివారం, నవంబర్ 8, తెల్లవారుజామున 2:00.”

సిడ్నీకి రోజే మారిపోయింది చూడండి, ఎక్కువమంది మిస్సయ్యేది అక్కడే, కాబట్టి ప్రతి ఊరి పక్కనా వారం పేరు ఉండాల్సిందే. ఇంకోటి, పాత పోస్ట్‌లోంచి టైమ్ కాపీ చేయొద్దు, అమెరికాలో 2026 నవంబర్ 1న గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఇదే మీటింగ్ అక్టోబర్ 31న పెడితే డాలస్‌లో ఉదయం 10 అయ్యేది.