ఎన్నారై సందేహాలు: గేమింగ్ హెడ్‌సెట్ కొనే ముందు ఏ కన్సోల్‌కో తేల్చుకోండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఎంఎస్ కోసం డల్లాస్ వచ్చిన. రూంమేట్‌కు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది, నాకు లాప్‌టాప్ ఉంది. శనివారాలు ఇంకో దోస్తు ఇంట్ల పీఎస్5 ఆడుతం. ఊర్ల ఉన్న సోపతిగాళ్లతో మాట్లాడుకుంట ఆడాలె. వైర్‌ది కొనాల్నా, వైర్‌లెస్‌ది కొనాల్నా? బ్లూటూత్ హెడ్‌ఫోన్ నా దగ్గర ఇప్పటికే ఉంది, అది సరిపోదా అన్నా?

జవాబు: బ్లూటూత్ సంగతి ముందు తేల్చేద్దాం తమ్ముడూ. ఎక్స్‌బాక్స్, పీఎస్5 రెండూ మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌ను నేరుగా కలుపుకోవు. నింటెండో స్విచ్‌లో 2021 సెప్టెంబర్‌లో వచ్చిన అప్‌డేట్‌తో బ్లూటూత్‌లో వినడం కుదిరింది కానీ అందులోనూ బ్లూటూత్ మైకు పనిచేయదు. ఇగ నీ దగ్గర మిగిలేది లాప్‌టాప్ ఒక్కటే. అక్కడ ఇంకో చిక్కుంది. పాట వినేటప్పుడు మంచిగా వచ్చే శబ్దం, మైకు తెరుచుకోగానే పాత ఫోన్ కాల్ లెక్క మారిపోతుంది. బ్లూటూత్ వినడానికి ఒక పద్ధతి వాడుతుంది, మాట్లాడుతూ వినడానికి వేరే పద్ధతి వాడుతుంది. ఆ రెండో దాంట్లో స్టీరియో పోతుంది, గొంతులోని పై స్థాయి ధ్వనులు తెగిపోతాయి. 'స', 'ఫ' తేడా తెలియకుండా అవతలివాళ్లు "ఏందీ? మళ్ల చెప్పు" అంటుంటారు. విండోస్ 10లో సౌండ్ జాబితా తెరిస్తే అదే హెడ్‌ఫోన్ రెండు పేర్లతో, "Stereo" అని ఒకటి, "Hands-Free" అని ఒకటి కనిపించడానికి కారణం ఇదే. కొత్త బ్లూటూత్ పద్ధతి వచ్చాక ఇది కొంత మారుతోంది. అయితే హెడ్‌సెట్, లాప్‌టాప్ రెండింటికీ ఆ పద్ధతి తెలిసుండాలి.

గేమింగ్ వైర్‌లెస్ హెడ్‌సెట్లు వాడేది బ్లూటూత్ కాదు. వాటిలో చాలావాటికి యూఎస్‌బీలో పెట్టే చిన్న డాంగిల్ వస్తుంది, అది 2.4 గిగాహెర్ట్జ్ మీద సొంత పద్ధతిలో పనిచేస్తుంది. బ్లూటూత్‌లో తుపాకీ పేలినట్టు కనిపించాక శబ్దం ఆలస్యంగా చెవిని చేరుతుంది, డాంగిల్‌లో ఆ తేడా పట్టుకోలేనంత తక్కువ. కానీ కన్సోళ్ల పట్టింపులు ఇక్కడే మొదలవుతాయి. పీఎస్5, లాప్‌టాప్ మామూలు యూఎస్‌బీ డాంగిల్‌ను చాలావరకు ఒప్పుకుంటాయి. ఎక్స్‌బాక్స్ ఒప్పుకోదు. మైక్రోసాఫ్ట్ అనుమతితో చేసినదై ఉండాలి, లేకపోతే అసలు గుర్తించదు. అందుకే ఒకే మోడల్‌ను కంపెనీలు పీఎస్‌కు ఒకటి, ఎక్స్‌బాక్స్‌కు ఒకటి అని వేరువేరుగా అమ్ముతాయి. చూడడానికి రెండూ అచ్చం ఒక్కలాగే ఉంటాయి. స్టీల్‌సిరీస్ ఆర్క్‌టిస్ నోవా 7లో చివర X ఉన్నది ఎక్స్‌బాక్స్‌తో పాటు పీఎస్5, లాప్‌టాప్‌లకూ పనికొస్తుంది. P ఉన్నదాన్ని ఎక్స్‌బాక్స్ పట్టించుకోదు. డిస్కౌంట్ ఉందని అక్షరం చూడకుండా కొన్న పోరగాళ్లు ఆగమయ్యేది ఇక్కడనే. పెట్టె మీద "Designed for Xbox" ఉందా చూడు. అది ఉన్నంత మాత్రాన పీఎస్5కు పనికొస్తదని కాదు, దాని పేరు కూడా పెట్టె మీద విడిగా ఉండాలి.

వైర్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. టీవీ దాకా తీగ గుంజాలనుకుంటారు. నిజానికి 3.5 మిల్లీమీటర్ల పిన్నును కంట్రోలర్ అడుగున పెడతారు. కంట్రోలర్ నుంచి కన్సోల్‌కు శబ్దం గాలిలోనే పోతుంది. అంటే తీగ ఉండేది నీ తలకూ నీ చేతికీ మధ్య మాత్రమే, సోఫాలో ఎటు ఒరిగినా ఇబ్బంది లేదు. కంట్రోలర్ బ్యాటరీ కొంచెం తొందరగా దిగుతుంది, అంతే. ఎక్స్‌బాక్స్ సిరీస్, పీఎస్5 కంట్రోలర్లు రెండింటికీ ఈ రంధ్రం ఉంది. రూంమేట్ దగ్గర 2013 నాటి మొదటి ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్ ఉంటే మాత్రం దానికి లేదు.

పిన్ను మీద ఒక్క పరీక్ష చెయ్యి. దాని మీద మూడు గీతలుంటే మైకు ఉన్నట్టు, రెండే ఉంటే వినడానికే. తీగ పొడవు చాలక కొనే ఎక్స్‌టెన్షన్‌కూ ఇదే లెక్క. రెండు గీతలది తగిలిస్తే చెవులకు వినిపిస్తుంది, మైకు చచ్చిపోతుంది. హెడ్‌సెట్ పాడైందని వాపసు పంపే ముందు అది పీకి చూడాలి. డెస్క్‌టాప్‌లో చెవులకు, మైకుకు రెండు వేరే రంధ్రాలుంటాయి, దానికి వై ఆకారపు స్ప్లిటర్ కావాలి. లాప్‌టాప్‌కు సాధారణంగా ఒక్కటే రంధ్రం కాబట్టి నీకు ఆ ఖర్చు లేదు.

మైకు విషయంలో నీ అవసరం కొంచెం ప్రత్యేకం. ఊర్లో ఆదివారం పొద్దున పది గంటలంటే డల్లాస్‌లో వేసవిలో శనివారం రాత్రి పదకొండున్నర, చలికాలంలో పదిన్నర. గోడ అవతల మనుషులు పడుకుని ఉంటారు, నువ్వు మెల్లగా మాట్లాడాలి. కాబట్టి నోటి దాకా వచ్చే పుల్ల మైకు ఉన్నదే తీసుకో. చెవి మీది కప్పులో దాచిన మైకు నీ గొంతు కన్నా గదిలోని ఏసీ లొల్లిని ఎక్కువ పంపుతుంది. పుల్లను నోటికి ఎదురుగా పెట్టకుండా పెదవి మూలకు రెండు వేళ్ల దూరంలో ఉంచు. సైడ్‌టోన్, అంటే నీ గొంతు నీకే చెవిలో వినిపించే సదుపాయం, ఉంటే ఇంకా మంచిది. చెవులు మూసుకుపోయినప్పుడు మనకు తెలియకుండానే అరుస్తాం, అది దాన్ని ఆపుతుంది.

కొన్న రోజే లాప్‌టాప్‌లో ఒక నిమిషం రికార్డు చెయ్యి. మొదట మౌనంగా ఉండు, తర్వాత ఫ్యాన్ వేసి మామూలుగా మాట్లాడు, చివర "పప్పు, పాలు, భోజనం" అను. మౌనంలో బుస్సుమని వస్తే మైకు లెవెల్ తగ్గించు. లాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడే గుయ్‌మంటుంటే చార్జర్ పీకి చూడు. ఆగిపోతే తప్పు హెడ్‌సెట్‌ది కాదు. 'ప', 'భ' దగ్గర భడ్ భడ్ మంటే పుల్లను పక్కకు జరుపు. మాట మొదటి అక్షరం మింగేస్తుంటే లొల్లిని తీసేసే సెట్టింగ్ మరీ ఎక్కువైంది, తగ్గించు.

నీ మూడు చోట్లకూ లెక్క వేస్తే, 60 డాలర్ల వైర్ హెడ్‌సెట్ డల్లాస్ 8.25 శాతం పన్నుతో 64.95 అవుతుంది, మూడింటికీ పనిచేస్తుంది. 150 డాలర్ల వైర్‌లెస్ 162 దాటుతుంది, పైగా ఎక్స్‌బాక్స్ రకం వెతుక్కోవాలి. ఇదే ధరల్లో పోలిస్తే మైకు కూడా వైర్ దాంట్లోనే తరచుగా బాగుంటుంది. డాంగిల్ మీదుగా పంపేటప్పుడు గొంతును కుదించడం మామూలే. చదువుకునే రోజుల్లో నేనైతే వైర్‌దే చెప్తా. విడిగా ఊడే తీగ ఉన్నది చూడు, ముందుగా తెగేది తీగే, అది ఊడితే పది డాలర్ల లోపు మార్చుకోవచ్చు.

అయినా వైర్‌లెస్సే కావాలంటే డాంగిల్‌ను లాప్‌టాప్‌లో నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రానికి, ముఖ్యంగా పక్కన హార్డ్‌డిస్క్ నడుస్తుంటే, దూరంగా పెట్టు. ఆ వేగపు రంధ్రాలు 2.4 గిగాహెర్ట్జ్ మీద రొద పుట్టిస్తాయి, మాట మధ్యలో తెగుతుంది. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో ఒక జానెడు దూరం జరిపితే చాలావరకు తగ్గుతుంది. వాపసు గడువు దాటేదాకా పెట్టె, రసీదు పారేయకు. శనివారం దోస్తు పీఎస్5 మీద కూడా పెట్టి చూసినాకనే పెట్టె చింపు.