పదమూడో అధ్యాయం దగ్గర జాగ్రత్త, బిడ్డా

చి. సౌ. మనవరాలికి ఆశీస్సులు.

ఎం.ఏ.లో గీత మీద, అందులోనూ క్షేత్ర క్షేత్రజ్ఞుల మీద వ్యాసం రాస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నల్లగొండలో ఇంటింటికీ చెప్పాలన్నంత సంతోషం వేసింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఎందుకంటే నువ్వు పట్టింది పదమూడో అధ్యాయం.

అధ్యాయం, శ్లోకం అంకెలు వేయడం నీకు తెలిసిందే. అనువాదకుడి పేరు, ప్రచురణ, సంవత్సరం, పేజీ అధోజ్ఞాపికలో ఇవ్వు. ఇక అసలు సంగతి.

నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు జిల్లా వ్యాసరచన పోటీకి వెళ్లాడు. ‘క్షేత్రజ్ఞం చాపి మాం విద్ధి’ అని రాసి పక్కన 13.3 అని వేశాడు. న్యాయనిర్ణేత తన పుస్తకం తీసి చూస్తే 13.3 దగ్గర ‘తత్ క్షేత్రం యచ్చ’ ఉంది. చదవకుండా రాశాడని మార్కులు కోసేశారు. పిల్లవాడు తప్పు రాయలేదమ్మా! వాళ్లింట్లో ఉన్న ప్రతిలో ఆ అధ్యాయం ‘ప్రకృతిం పురుషం చైవ’ అనే అర్జునుడి ప్రశ్నతో మొదలవుతుంది. శంకర భాష్యం అనుసరించే ప్రతుల్లో ఆ ప్రశ్న లేదు, ‘ఇదం శరీరం కౌంతేయ’ అన్నదే మొదటిది. అందుకే ఒకచోట 34 శ్లోకాలు, ఇంకోచోట 35. మొత్తం గీత కూడా 700 అని ఒకరు, 701 అని ఒకరు అంటారు. వాడి ఏడుపు ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

కొన్ని ప్రతుల్లో ప్రశ్నను అచ్చువేస్తారు గానీ అంకె వేయరు. కాబట్టి మొదటి శ్లోకమే కాదు, ఆఖరి శ్లోకం అంకె కూడా చూడు. అది 34 అయితే ‘క్షేత్రజ్ఞం చాపి’ శ్లోకం 13.2, 35 అయితే 13.3. ఏ ప్రతి లెక్కో మొదటి అధోజ్ఞాపికలోనే చెప్పి, చివరిదాకా దాన్నే పట్టుకో. శ్లోకం మొదటి మాటలు కూడా రాస్తే ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ ప్రశ్న వల్ల వచ్చే తేడా ఈ ఒక్క అధ్యాయానిదే. ‘సర్వధర్మాన్ పరిత్యజ్య’ రెండు రకాల ప్రతుల్లోనూ 18.66 గానే ఉంటుంది.

అనువాదం దగ్గర తొందరపడకు. ‘క్షేత్రజ్ఞం చాపి’ శ్లోకానికే శంకరులు జీవుడూ ఈశ్వరుడూ ఒకటేనని అర్థం చెబితే, రామానుజులు జీవుడు ఈశ్వరుడికి శరీరమని చెప్పారు. తెలుగు పుస్తకాల్లో తాత్పర్యం చాలావరకు ఇలా ఏదో ఒక వ్యాఖ్యానం దారినే పోతుంది. ఆ తాత్పర్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ‘కృష్ణుడు అన్నాడు’ అని మాత్రం రాయకు, నాకు కోపం వస్తుంది! ఫలానా వ్యాఖ్యాత తాత్పర్యం అని రాయి. శ్లోకం అర్థం నువ్వే చెప్పుకుంటే ‘అనువాదం నాది’ అని పెట్టు. నీకు ఆ పాటి సంస్కృతం వచ్చు తల్లీ.

నీ పుస్తకంలో ఆ అధ్యాయం మొదటి పేజీ, చివరి పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. వ్యాసం ఇచ్చేలోపు నీ అంకెలన్నీ నేను సరిచూస్తాను.

మీ తాత