నవ్వొచ్చే మాట ఆఖర్న పెట్టరా నానీ

ఒరే నానీ,

మీ చిన్నాన్న రాజాం పెళ్లి భోజనం గురించి మొన్న గ్రూపులో నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను, విషయం నిజంగా పొట్టచెక్కలయ్యేదే, అయినా ఎవరూ నవ్వలేదేటి పెద్దమ్మా అని ఫోన్లో అడిగావు కదా, ఫోన్లో చెప్తే చెవిలోంచి పోతుంది అని ఇలా రాస్తున్నాను, నింపాదిగా చదువు. నువ్వు పెట్టింది ఇది:

"హహహ ఇది వింటే నవ్వలేక చస్తారు!!! నిన్న చిన్నాన్న వేరేవాళ్ల పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చేసాడంట 😂😂😂 పైగా పులిహోరలో ఉప్పు తగ్గిందని వాళ్లనే తిట్టాడంట!!!"

చూడు, వేరేవాళ్ల పెళ్లి అన్న ముక్క మొదట్లోనే చెప్పేశావు. ఇంక ఆ తర్వాత పులిహోర వచ్చినా ఉప్పు వచ్చినా చదివేవాడికి తెలిసిపోయింది కదా, వాడికి ఎదురుచూడ్డానికి ఏం మిగిల్చావు? అదీకాక హహహ అని నువ్వే ముందు నవ్వేశావు, నవ్వలేక చస్తారు అని చెప్పేశావు, అలా చెప్పినప్పుడు చదివేవాడు ఏదీ నవ్వించు చూద్దాం అని బిగుసుకుని కూర్చుంటాడు.

ఇప్పుడు అదే సంగతి నేను రాస్తాను చూడు.

"నిన్న చిన్నాన్న రాజాంలో సత్యం గారి అమ్మాయి పెళ్లికి వెళ్లాడు. పులిహోరలో ఉప్పు తగ్గిందని వడ్డించే కుర్రాడి మీద కేకలేశాడు, కాజా రెండోసారి వెయ్యలేదని పెళ్లికూతురి తండ్రినే పిలిపించాడు, పాపం ఆయన పరిగెత్తుకొచ్చి దండం పెట్టి దగ్గరుండి ఇంకో రెండు కాజాలు వేయించి అడిగాడు, మీరు ఎవరి తాలూకా అండీ అని. చిన్నాన్న మీసం దువ్వుకుని, సత్యం గారి తాలూకా అన్నాడు.

ఆయన అన్నాడు కదా, సత్యం గారిది పక్క హాలండి."

ఇందులో కొత్త విషయం పెద్దగా ఏమీ లేదు, వరస మార్చాను అంతే. కానీ ఒక్కటి బాగా గమనించు. ఆఖరి వాక్యం మామూలుగా రాస్తే ఎలా రాస్తాం? "సత్యం గారి అమ్మాయి పెళ్లి పక్క హాల్లో జరుగుతోందండి అని ఆయన చెప్పాడు" అని రాస్తాం. తెలుగులో క్రియ చివరికి వస్తుంది, ఎవరైనా ఏదన్నా అన్నారంటే దాని వెనకాల "అని చెప్పాడు" వస్తుంది, అంటే పక్క హాలు దగ్గర నవ్వు మొదలవ్వబోతుంటే ఇంకా జరుగుతోందండి, అని, ఆయన, చెప్పాడు, ఇన్ని మాటలు చదవాలి, ఈలోపు నవ్వు చల్లారిపోతుంది. మన వాళ్లు రాసే జోకులు ఎక్కువ పాడయ్యేది ఈ తోక దగ్గరే. అందుకే ఆ "అన్నాడు" ని లాక్కొచ్చి ముందు పెట్టాను, "ఆయన అన్నాడు కదా" అని, మన అరుగుల మీద కబుర్లు చెప్పేవాళ్లు ఎవరైనా అలాగే చెప్తారు, విను కావాలంటే. జరుగుతోంది అన్న క్రియ మొత్తం తీసేశాను, అది లేకపోయినా అర్థమవుతుంది. మరి పైన "ఎవరి తాలూకా అండీ అని" దగ్గర అని ఉంచేశావేం అంటావేమో, అక్కడ నవ్వక్కర్లేదు కదా, అక్కడ కథ ముందుకి జారాలి, అందుకని ఉంచాను.

ఇంక వాక్యం పొడుగు సంగతి. కేకలేశాడు, పిలిపించాడు, పరిగెత్తుకొచ్చి, దండం పెట్టి, వేయించి, ఇలా కామాలతో కావాలనే సాగదీశాను, ఫుల్‌స్టాప్ పెట్టలేదు, ఎందుకంటే చిన్నాన్న దర్జా ఎక్కడా ఆగకుండా పెరుగుతూ పోవాలి, చదివేవాడు కూడా ఊపిరి తీసుకోకుండా దాని వెంట పోవాలి. అలా పోయి పోయి ఒక పొట్టి వాక్యానికి గుద్దుకోవాలి. రెండూ పొడుగైతే దెబ్బ తగలదు, రెండూ పొట్టివైతే లెక్కల పుస్తకంలా ఉంటుంది.

కామా, ఫుల్‌స్టాప్, కొత్త లైను, ఈ మూడూ మూడు రకాల ఆగడాలు. "కొత్త బండితో వచ్చాడు, తోసుకుంటూ" అంటే గబుక్కున వచ్చేస్తుంది. "కొత్త బండితో వచ్చాడు. తోసుకుంటూ." అంటే రాసేవాడు మొహం సీరియస్‌గా పెట్టుకున్నట్టు ఉంటుంది, నాకైతే ఇదే ఇష్టం. మన మెసేజుల్లో ఎవరూ ఫుల్‌స్టాప్ పెట్టరు కాబట్టి పెట్టిన ఒక్కటీ గట్టిగా పనిచేస్తుంది. కొత్త లైను ఇంకా పెద్ద ఆగడం, దాన్ని మెసేజ్ మొత్తంలో ఒక్కసారే వాడు. మూడు చుక్కలు మాత్రం ఆఖరి మాట ముందు పెట్టకు, చుక్కలు కనబడగానే ఇదిగో వస్తోంది అని తెలిసిపోతుంది.

కొత్త లైనులో ఒక చిక్కుంది. ఫోన్లో మెసేజ్ మొత్తం ఒకేసారి కళ్లముందు పడుతుంది, ఆఖర్న విడిగా ఉన్న పొట్టి లైను మీదకి కన్ను ముందే పోతుంది. అక్కడ "అది అసలు మన పెళ్లే కాదు" అని ఉందనుకో, అయిపోయింది. "సత్యం గారిది పక్క హాలండి" అని ఉంటే ముందే చూసినా ఏమీ అర్థం కాదు, పైదంతా చదివాకే వెలుగుతుంది. కాబట్టి ఆఖరి లైను ఒంటరిగా చూస్తే అర్థం కానిదై ఉండాలి. పంపే ముందు నీ బొటనవేలితో పైదంతా మూసి అదొక్కటే చదువు, గుట్టు తెలిసిపోతే మాట మార్చు.

దానికంటే రెండు మెసేజులుగా పంపితే సరిపోదా అంటావు. గ్రూపులో వద్దు. వాట్సాప్ తెరవగానే లిస్టులో గ్రూపు పేరు కింద కనబడేది ఆఖరి మెసేజే, అంటే లోపలికి రాకుండానే నీ జోకు బయటపడిపోతుంది, లేదంటే నీ రెండు ముక్కల మధ్యలో మీ అత్త గుడ్ మార్నింగ్ పువ్వుల ఫొటో వచ్చి కూర్చుంటుంది. ఒక్కళ్లతోనే మాట్లాడుతూ, వాళ్లు ఆన్‌లైన్లో ఉండి నీలం టిక్కులు పడుతుంటే అప్పుడు విడగొట్టు, మొదటిది చదివారని చూసుకుని రెండోది వదులు, అక్కడ అది చాలా బాగా పనిచేస్తుంది. మరీ పొడుగు రాసేస్తే Read more అని దాచేస్తుంది, సగం మంది అది నొక్కరు, మా వీధిలో వాళ్లయితే అసలే నొక్కరు.

ఎమోజీలు నువ్వు పెట్టకు. నవ్వాల్సింది వాళ్లు, ఆ బొమ్మ వాళ్లని పెట్టనీ.

జవాబులు కూడా చూసుకుంటూ ఉండు. ఎవరైనా "ఇంతకీ సత్యం గారెవరు" అని అడిగారంటే మొదట్లో చెప్పాల్సింది చెప్పలేదన్నమాట, అందుకే నేను మొదటి వాక్యంలోనే ఆ పేరు వేసి వదిలేశాను. "నేను ముందే అనుకున్నాను" అన్నారంటే మధ్యలో ఎక్కడో లీకు అయింది, ఆ మాట వెతికి కిందకి దించు. మీ అమ్మమ్మ సంగతి వేరు, ఆవిడకి పక్కింటి గుంట చదివి వినిపిస్తుంది, చెవికి కామా, కొత్త లైను ఏమీ కనబడవు, మాటల వరస ఒక్కటే వినబడుతుంది. అందుకని రాశాక ఒకసారి పైకి గట్టిగా చదువు, అలా చదివినా ఆఖరి మాట దగ్గరే నవ్వు రావాలి.

ఆ మేక పెళ్లి కార్డులు తినేసిన సంగతి ఇంకా గ్రూపులో పెట్టలేదు కదా? ఆగు. తినేసింది అన్న మాట దగ్గర ముగించకు, ఎవరి కార్డు మిగిలిందో ఆ పేరు దగ్గర ముగించు. రాసి బేగి నాకు పంపు, చూస్తాను.

మీ పెద్దమ్మ
విజయనగరం