ఒక్క పేజీలో థర్మోడైనమిక్స్: పాత పేపర్లు ముందు, ఫార్ములాలు తర్వాత

ప్రశ్న: నాది మెకానికల్ రెండో సంవత్సరం. థర్మో పేపర్‌కి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. సబ్జెక్టు మొత్తాన్ని ఒక్క పేజీ ఫార్ములా షీట్‌గా రాసుకోవడం కుదురుతుందా? పాత పేపర్లు దగ్గరున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

కుదురుతుంది. పుస్తకం తెరిచి మొదటి చాప్టర్ నుంచి ఎక్కించుకుంటూ పోతే మాత్రం కుదరదు. పుస్తకంలో ప్రతి ఫార్ములాకీ చుట్టూ ఒక డబ్బా ఉంటుంది కాబట్టి ప్రతిదీ ముఖ్యమైనదే అనిపిస్తుంది. అందుకే ముందు పాత పేపర్లు పూర్తిగా చూడండి. పార్ట్ బిలో ప్రతి లెక్క పక్కన, దాన్ని మీరు ఏ సమీకరణంతో మొదలుపెట్టాల్సి వచ్చిందో ఆ ఒక్కటే పెన్సిల్‌తో రాయండి. లెక్క మొత్తం చేయక్కర్లేదు, మొదటి అడుగు చాలు. నాలుగైదు పేపర్లు అయ్యేసరికి అవే సమీకరణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మీ షీట్‌కి ముడిసరుకు అదే. ఒక జాగ్రత్త: ఆ పేపర్ ఏ రెగ్యులేషన్‌దో చూసుకోండి. ఆర్18 పేపర్లో ఉన్న టాపిక్ మీ సిలబస్‌లో వేరే సెమిస్టర్‌కి వెళ్లిపోయి ఉండొచ్చు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. షీట్‌లో ఫార్ములా పక్కన అది ఎప్పుడు పనిచేస్తుందో రాయకపోతే, ఆ షీట్ లేకపోవడమే మేలు. ఇది నాకు గట్టిగా తెలిసింది మా పిన్ని కొడుకుతో కూర్చున్న రాత్రి.

వాడు సెమిస్టర్ సెలవుల్లో మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక ఎ4 షీట్. రెండు వైపులా చీమల బారులా అక్షరాలు, నాలుగు రంగుల పెన్నులు. "అన్నా, మొత్తం ఐదు యూనిట్లూ ఇందులోనే ఉన్నాయి" అన్నాడు సంబరంగా. నిజంగానే కష్టపడ్డాడు. నేను వాడి పాత పేపర్లలోంచి రెండు లెక్కలు ఇచ్చి, ఆ షీట్ మాత్రమే చూసి చేయమన్నాను. అంకెలు సులువుగా ఉండేలా మార్చి ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది: పిస్టన్ సిలిండర్‌లో ఒక కిలో గాలి ఉంది. 1 బార్, 300 K దగ్గర మొదలై PV^1.3 = C ప్రకారం 5 బార్ దాకా కుదించారు. పని ఎంత, వేడి ఎంత? రెండోది: అదే గాలి, అదే 1 బార్ నుంచి 5 బార్, అదే 1.3. కానీ ఈసారి స్టెడీ ఫ్లోలో నడిచే కంప్రెసర్. కిలోకి పని ఎంత?

వాడు షీట్‌లో W = R(T1 − T2)/(n − 1) చూశాడు. T2 = 300 × 5^(0.3/1.3), అంటే దాదాపు 435 K. R విలువ 0.287. పని −129 కిలోజౌళ్లు వచ్చింది. రెండో లెక్కకీ అదే రాసేశాడు. "రెండూ ఒకటే కదన్నా, అంకెలు మారలేదు" అన్నాడు.

మారాల్సింది అంకెలు కాదు. మొదటిది క్లోజ్డ్ సిస్టమ్, అక్కడ పని ∫P dV. రెండోది ఓపెన్ సిస్టమ్, గతిశక్తిలో, ఎత్తులో తేడాలు వదిలేస్తే అక్కడ పని −∫V dP. కంప్రెసర్ గాలిని కుదించడమే కాదు, లోపలికి లాక్కుని బయటికి తోస్తుంది కూడా. ఆ తోసే పని P2v2 − P1v1, మన లెక్కలో 0.287 × 135, సుమారు 39 కిలోజౌళ్లు. అది కలిపితే మొత్తం 168. చూడండి, 129ని 1.3తో గుణించినా అదే 168 వస్తుంది. పాలిట్రోపిక్ ప్రక్రియలో ఫ్లో పని ఎప్పుడూ క్లోజ్డ్ పనికి n రెట్లే ఉంటుంది. ఈ ఒక్క మాట షీట్‌లో ఉంటే రెండో ఫార్ములా రాసుకునే పనే లేదు.

వేడి సంగతి ఇంకా బాగుంటుంది. మొదటి దాంట్లో Q = ΔU + W, అంటే 0.718 × 135 − 129, సుమారు −32. రెండో దాంట్లో Q = Δh + W, అంటే 1.005 × 135 − 168, అదీ −32 దగ్గరే. పని మారింది, వేడి మారలేదు. పరీక్ష హాల్లో తప్పు పట్టుకోవడానికి ఇంతకంటే మంచి తనిఖీ నాకు తెలీదు. వీడి షీట్‌లో ఫార్ములాలు అన్నీ ఉన్నాయి, కానీ "క్లోజ్డ్", "ఓపెన్" అన్న మాటలు ఎక్కడా లేవు. పుస్తకంలో ఆ మాట ఫార్ములాకి పది లైన్ల పైన పేరాలో ఉంటుంది. ఎక్కించుకునేటప్పుడు డబ్బా వస్తుంది, పేరా రాదు.

ఆ రాత్రి మేం కొత్త పేజీ తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీశాం. ఎడమ పక్క క్లోజ్డ్, కుడి పక్క ఓపెన్. పైన అడ్డంగా ఒక పట్టీ: గాలికి cp 1.005, cv 0.718, R 0.287, γ 1.4, వేడి లోపలికి వస్తే ప్లస్, పని బయటికి వెళ్తే ప్లస్, నిష్పత్తుల్లో ఉష్ణోగ్రత ఎప్పుడూ కెల్విన్‌లో. ఎడమ పక్క మొదటి లైన్ Q = ΔU + W. కుడి పక్క మొదటి లైన్ Q − W = Δh + ΔV²/2000 + gΔz/1000. ఆ 2000, 1000 కావాలనే రాయించాను. ఎందుకంటే ఎంథాల్పీ కిలోజౌళ్లలో ఉంటుంది, V²/2 జౌళ్లలో వస్తుంది. నాజిల్ లెక్కలో ఎంథాల్పీ 100 కిలోజౌళ్లు తగ్గితే, లోపలికి వచ్చే వేగాన్ని వదిలేసినప్పుడు, బయటి వేగం సెకనుకి 447 మీటర్లు. వెయ్యి మరిచిపోతే 14 వస్తుంది. నాజిల్ నుంచి ఊళ్లో తిరిగే బైక్ వేగంతో గాలి వచ్చిందని రాసి వచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

తర్వాత తీసేసే పని. వాడి షీట్‌లో పనికి ఐదు ఫార్ములాలు ఉన్నాయి: స్థిర పీడనం, స్థిర ఘనపరిమాణం, ఐసోథర్మల్, అడయబాటిక్, పాలిట్రోపిక్. నిజానికి (P1V1 − P2V2)/(n − 1) ఒక్కటి చాలు. n బదులు γ పెడితే రివర్సిబుల్ అడయబాటిక్. సున్నా పెడితే P(V2 − V1). ఘనపరిమాణం మారకపోతే పని సున్నా అని గుర్తు చేయడానికి షీట్ అక్కర్లేదు. n = 1 దగ్గర మాత్రం కింద సున్నా వచ్చి ఫార్ములా పనిచేయదు. అందుకే ఐసోథర్మల్‌కి P1V1 ln(V2/V1) విడిగా ఉండాలి. ఐదు కాస్తా రెండయ్యాయి. సైకిళ్లు సిలబస్‌లో ఉన్నవాళ్లకి డీజిల్ సైకిల్ సామర్థ్యం ఒక్కటి రాసుకుంటే చాలు. అందులో కటాఫ్ రేషియోని 1కి దగ్గర చేస్తూ పోతే ఆటో సైకిల్‌ది వచ్చేస్తుంది. స్టీమ్ టేబుల్స్ హాల్లోకి అనుమతిస్తారు కాబట్టి ఆవిరి విలువలు ఒక్కటీ షీట్‌లో ఉండకూడదు. ఆవిరికి PV = mRT వాడొద్దు అన్న మాట మాత్రం ఉండాలి.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. కాలేజీల బయట జిరాక్స్ షాపుల్లో ఇదే సబ్జెక్టు మైక్రో జిరాక్స్ దొరుకుతుంది. దాన్ని పిల్లలు ఫార్ములా షీట్ అని పిలుస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అది కాపీ కొట్టడానికి కుదించిన పుస్తకం. అందులో ఏం వదిలేయాలో ఎవరూ ఆలోచించలేదు. వదిలేయడంలోనే చదువంతా ఉంది. ఏ ఫార్ములా దేన్నుంచి వస్తుందో తెలిస్తేనే కదా దాన్ని కొట్టేయగలిగేది. ఇంకో బాధ పేపర్ సెట్ చేసేవాళ్లతో. గాలి అని ఇచ్చి cp ఇవ్వరు, కొన్నిసార్లు పీడనం గేజా, అబ్సల్యూటా చెప్పరు. అందుకే గేజ్ పీడనానికి 1.013 బార్ కలపాలన్నది కూడా పై పట్టీలోకి ఎక్కింది.

నిర్వచనాలకి పేజీలో కింది పావు భాగం చాలు. పార్ట్ ఎలో రెండు, మూడు మార్కులకి అడిగేవి ఇవే. పూర్తి వాక్యాలు రాయొద్దు, ఏ మాట పోతే నిర్వచనం తప్పవుతుందో ఆ మాటలే రాయండి. కెల్విన్ ప్లాంక్ సూత్రానికి మేం రాసుకున్నది "సైకిల్ + ఒకే రిజర్వాయర్ + నికరంగా పని = అసాధ్యం". చాలామంది "వేడినంతా పనిగా మార్చలేం" అని రాసి వస్తారు. అది తప్పు. ఐడియల్ గ్యాస్ ఐసోథర్మల్‌గా వ్యాకోచిస్తే తీసుకున్న వేడంతా పనిగానే మారుతుంది, ఎందుకంటే అంతర్గత శక్తి మారదు. కానీ అక్కడ గ్యాస్ మొదటి స్థితికి తిరిగి రాలేదు, సైకిల్ పూర్తి కాలేదు. "సైకిల్" అన్న ఒక్క మాట మీదే ఆ సూత్రం నిలబడి ఉంది. క్వాసీ స్టాటిక్‌కి "ప్రతి క్షణం సమతాస్థితికి అతి దగ్గరగా" అని రాసుకోండి. ఊరికే "నెమ్మదిగా" అంటే చాలదు. నెమ్మదిగా జరిగినా ఘర్షణ ఉంటే అది రివర్సిబుల్ కాదని పక్కనే చేర్చండి, ఎందుకంటే ఆ రెండింటికీ తేడా అడుగుతారు.

షీట్ పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత పేపర్‌ని ముందే పక్కన పెట్టుకోండి, అసలు చూడకుండా. చివర్లో మూడు గంటలు కూర్చుని ఆ పేపర్‌ని షీట్, స్టీమ్ టేబుల్స్‌తో మాత్రమే రాయండి. పుస్తకం తెరవాల్సి వచ్చిన ప్రతి చోటా షీట్‌లో ఏదో లోటుంది. అక్కడ ఫార్ములా లేక ఆగారా, షరతు లేక ఆగారా చూసి అదే చేర్చండి. మా వాడికి లోటుగా తేలింది ఎంట్రోపీ లైను: Δs = cp ln(T2/T1) − R ln(P2/P1). లైన్ ఉంది గానీ అది ఐడియల్ గ్యాస్‌కే, స్థిర cpతోనే అని లేదు. ఆవిరి లెక్కలో దాన్నే వాడబోయి ఆగిపోయాడు. ఆ మాట చేర్చి, పేజీ తిరగేసి, ఖాళీ కాగితం మీద చూడకుండా మొత్తం ఒకసారి రాయించాను. హాల్లోకి షీట్ వెళ్లదు కదా, మొదటి పది నిమిషాల్లో ఆన్సర్ బుక్‌లెట్ చివరి పేజీ మీద రఫ్‌గా గుర్తు చేసుకోగలిగిందే అక్కడ పనికొస్తుంది.