అమ్మ పక్కన నాయన బొమ్మ

"మా నాయన పోయి రెండేళ్లయింది. వచ్చే నెల నా పెళ్లి. అమ్మ పక్కన నాయన నిలబడినట్టు పెద్ద ఫొటో చేయించి, అమ్మకు చెప్పకుండా మండపం ముందు పెట్టాలని నా కోరిక. అన్న వద్దంటున్నాడు. నాయనకు గౌరవంగా ఉండాలంటే ఎట్లా చేయించాలి?" - ఒక సోదరి, కావలి

అమ్మకు తెలియకుండా మాత్రం చేయించకండి. ఆ చిత్రంలో ఉండేది మీ నాయన ఒక్కరే కాదు. ఆయన పక్కన అమ్మను బొట్టుతో, పూలతో, మంగళసూత్రంతో చూపాలా, లేక ఇప్పుడున్నట్టే చూపాలా అన్నది ఆమె తేల్చవలసిన మాట. స్టూడియోవారు గానీ మీరు గానీ తేల్చేది కాదు. చెప్పకుండా చేసి, బంధువులందరి ముందు చూపిస్తే ఆమెకు కన్నీళ్లు పెట్టుకోవడానికి చాటు కూడా దొరకదు. భర్త పోయిన స్త్రీల మీద పెట్టే పట్టింపులు నాకు నచ్చవు గానీ, వాటిని పెళ్లిరోజున అమ్మ చేత వదిలించాలని చూడటం కూడా న్యాయం కాదు.

పాత ఆల్బం ముందు పెట్టుకుని, మొదట అమ్మతో ఒంటరిగా మాట్లాడండి. "చేయిద్దామా?" అంటే మీ ముచ్చట కాదనలేక సరే అంటారు. "ఏ ఫొటోలో నాయన మన నాయనలా ఉన్నారమ్మా?" అని అడిగితే, ఆయనను ఏ వయసులో, ఏ బట్టల్లో చూడాలనుకుంటున్నారో, అసలు చూడగలరో లేదో ఆమె మాటల్లోనే తెలుస్తుంది. అన్నను అడగవలసింది వేరు: వద్దంటున్నది బొమ్మనా, దాన్ని మండపం ముందు పెట్టడాన్నా? రెండోదే అయితే, దాన్ని ఇంట్లోనే పెట్టుకోవచ్చు.

ఇద్దరూ ఒప్పుకుంటే, నాయన నిలబడి ఉన్న నిలువెత్తు ఫొటోనే వెతకండి. ఆధార్ ఫొటోలోని ముఖాన్ని వేరొకరి కోటు మీద అతికిస్తే, జీవితమంతా పంచె కట్టిన మనిషి పరాయివాడిలా కనిపిస్తారు. ముఖం సరిపోయినా మెడ, భుజాలు, చేతులు ఆయనవి కావని ఇంట్లోవాళ్లు వెంటనే పట్టేస్తారు. ప్రింటును సెల్‌ఫోన్‌తో తీయకుండా, ఆల్బం నుంచి జాగ్రత్తగా తీసి స్కాన్ చేయించండి. నాయన ఫొటోను మార్చలేము, అమ్మను మాత్రం మళ్లీ ఫొటో తీయవచ్చు. కాబట్టి ఆయన ముఖం మీద వెలుగు ఎటువైపు నుంచి పడిందో చూసి, అమ్మను కూడా అదే వెలుగులో, కెమెరాను అదే ఎత్తులో ఉంచి తీయమనండి. ఇద్దరూ కలిసి నిలబడిన పాత ఫొటో ఒకటి ఇస్తే ఎత్తుల తేడా కూడా సరిగ్గా కుదురుతుంది. లేని నవ్వు పెట్టించవద్దు, ముడతలు చెరిపించవద్దు.

పెద్ద ప్రింటుకు ముందు పోస్టుకార్డంత నమూనా తీయించి అమ్మకు, అన్నకు ఇంట్లోనే చూపించండి. అప్పటిదాకా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. నమూనా చూశాక కూడా అమ్మ వద్దంటే కారణం అడగకుండా ఆపేయండి. అప్పుడు ఆల్బంలో ఆమె ఎంచిన ఫొటోనే, ఏ మార్పూ లేకుండా, పెద్దది చేయించి ఇంట్లో పెట్టుకుని, పెళ్లికి బయలుదేరే ముందు దానికే దణ్ణం పెట్టుకోవచ్చు.