ఫైట్ స్టిక్ కొంటే షోర్యుకెన్ వస్తుందా?

"స్ట్రీట్ ఫైటర్ 6లో ర్యూతో షోర్యుకెన్ కొడితే సగం సార్లు హడోకెన్ వస్తోంది. ప్యాడ్ మార్చి ఫైట్ స్టిక్ కొనాలా?"

ఇప్పుడే కొనకండి. ట్రైనింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ హిస్టరీ ఆన్ చేసి, ఇరవై సార్లు కొట్టి చూడండి. షోర్యుకెన్‌కి ముందుకు, కిందికి, ఆ రెండిటి మధ్య మూలకి, ఆపైన పంచ్ కావాలి. హడోకెన్ వచ్చినప్పుడల్లా మొదటి 'ముందుకు' లేకపోయినా, చివర్లో మూల దాటి మళ్లీ 'ముందుకు' పడినా, తప్పు బొటనవేలిదే. స్టిక్‌కి మారినా ఆ అలవాటు వెంటే వస్తుంది, పైగా చెయ్యి కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ వేలు సరిగ్గా మూలకి వెళ్తున్నా స్క్రీన్ మీద ఆ బాణం పడకపోతే మాత్రం డి-ప్యాడ్ అరిగినట్టే, అప్పుడు మార్చండి.

కొన్ని ప్యాడ్‌ల వెనక ఉండే అదనపు బటన్లు, అంటే ప్యాడిల్స్, దీనికి పనికిరావు. అవి షూటింగ్ గేముల్లో గురి వదలకుండా జంప్ కొట్టడానికి బాగుంటాయి.