టమాటా ధర పెరిగితే డిమాండ్ రేఖ జరగదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ చదువుతోంది. ‘పంట దెబ్బతిని టమాటా ధర పెరిగితే ఏమవుతుంది?’ అన్న ప్రశ్నకు ‘ధర పెరిగింది కాబట్టి డిమాండ్ తగ్గింది’ అని రాసి బొమ్మ కూడా వేస్తే పదికి రెండే వేశారు. తప్పేముంది? ఎకనామిక్స్ తన వల్ల కాదేమోనని టెన్షన్‌గా ఉంది. డిగ్రీలో బీఏ ఎకనామిక్స్ బదులు బీబీఏ బిజినెస్ అనలిటిక్స్‌లో చేర్పించమంటారా?

జవాబు: ముందు ఆ బొమ్మ సంగతి చూద్దాం. 2023 జులైలో పంట దెబ్బతిని మార్కెట్‌కు టమాటా తక్కువగా వచ్చింది, కిలో వంద దాటింది. దాన్నే చిన్న లెక్కగా చేసుకుందాం. ఒక ఊళ్లో కిలో 20 రూపాయలైతే రోజుకు 100 కిలోలు, 60 రూపాయలైతే 60 కిలోలు కొంటారు. ఇవి ఒకే డిమాండ్ రేఖ మీద రెండు బిందువులు. ఒకరోజు సరుకు 60 కిలోలే వచ్చింది, అంటే సప్లయ్ రేఖ ఎడమకు జరిగింది. 20 రూపాయలకైతే వంద కిలోలు అడిగేవాళ్లున్నారు కాబట్టి ధర ఎక్కుతూ పోయి 60 దగ్గర ఆగుతుంది. జనం అదే రేఖ మీద పైకి జరిగారు. పాఠ్యపుస్తకం దీన్ని డిమాండ్ సంకోచం అంటుంది.

మీ అమ్మాయి రేఖనే ఎడమకు జరిపి ఉంటుంది. అలా జరిపితే, 20 రూపాయలకే జనం 60 కిలోలు చాలంటున్నారని అర్థం. వచ్చిందీ 60, అడిగిందీ 60. ఇక ధర పెరగడం దేనికి? ధర పెరిగిందని మొదలుపెట్టిన జవాబు, ధర కదల్లేదని తేల్చేసింది. మార్కులు పోయింది అక్కడే.

ధర ఆ బొమ్మలో నిలువు అక్షం మీద ముందే ఉంది, కాబట్టి అది మారితే రేఖ మీదే జరగాలి. బొమ్మలో లేనిది మారితేనే రేఖ జరుగుతుంది. కార్తీకమాసంలో చికెన్ ధర పెరగకపోయినా చాలా ఇళ్లలో కొనరు. అది డిమాండ్ తగ్గుదల, అక్కడ రేఖ ఎడమకు జరపాలి. ‘ధర మారకపోయినా ఇలాగే కొనేవారా?’ అని తనను తాను ప్రశ్నించుకోమనండి. అవునంటే రేఖ జరపాలి, కాదంటే రేఖ మీదే జరగాలి.

ఇక అనలిటిక్స్. ఆ పేరు మీద నాకు అంత నమ్మకం లేదు. అక్కడా ఇదే చిక్కు ఎదురవుతుంది, కంప్యూటర్ దాన్ని విప్పదు. పండగ నెలల్లో పూల ధర, అమ్మకాలు రెండూ పెరుగుతాయి. ఆ అంకెల మీద గీత గీస్తే, ధర పెంచితే ఎక్కువ అమ్ముడవుతాయని చెబుతుంది. నిజానికి పండక్కి రేఖే కుడికి జరిగింది. 1914లో అమెరికా ఆర్థికవేత్త హెన్రీ మూర్ దుక్క ఇనుము అంకెలతో పైకి వెళ్లే డిమాండ్ రేఖ తేల్చి, ఈ తప్పుకే విమర్శలపాలయ్యారు.

పెద్ద ఆర్థికవేత్తే పడిన గుంటలో పదహారేళ్ల పిల్ల పడితే, సబ్జెక్టే రాదని తీర్పు చెప్పేస్తారా? ఆమె పేపర్ తెరిచి ఎక్కడ తప్పిందో చూడకుండా కోర్సు మార్చాలనుకోవడం మీ తొందరపాటు. ఆమెకు సూత్రం తెలుసు, తప్పింది ఒక్క మాట: తగ్గింది డిమాండ్ కాదు, డిమాండ్ పరిమాణం, అంటే ఆ ధరకు కొనే సరుకు. ఈ ఆదివారం టమాటా బొమ్మ, చికెన్ బొమ్మ పక్కపక్కనే వేయించండి. మొదటిదాంట్లో సప్లయ్ రేఖ, రెండోదాంట్లో డిమాండ్ రేఖ ఎడమకు జరిపితే, ఆమెకు బీఏ గురించి భయం అక్కర్లేదు.